సరాసరి కలిసింది, చార్ట్ కలవలేదు

ప్రశ్న: నమస్తే సార్. గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈ ఏడాదే చేరాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ మిడ్‌లో టైమ్ క్వాంటమ్ 2 పెట్టి ఈ రౌండ్ రాబిన్ లెక్క ఇచ్చాను:

```
      AT   BT
P1    0    5
P2    1    3
P3    2    1
P4    4    4
```

నా కీలో సరాసరి వెయిటింగ్ టైమ్ 4.75. పిల్లల పేపర్లలో 6.5, 6.75, 1.5, 5 ఇలా రకరకాలుగా వచ్చాయి. ఒకబ్బాయి చార్ట్ నా చార్ట్‌లా లేదు, అయినా సరాసరి 4.75 వచ్చింది. అరవై పైగా పేపర్లున్నాయి. ప్రతి దాన్నీ మొదటినుంచీ చేసుకుంటూ కూర్చోకుండా, తప్పు ఎక్కడ పడిందో పట్టుకునే దారి చెప్పండి. — గుంటూరు నుంచి ఒక కొత్త లెక్చరర్

సమాధానం:

అమ్మా, ముందు ఆ సరాసరి మీద ఒక కాగితం ముక్క అడ్డం పెట్టి పేపరు దిద్దడం మొదలుపెట్టండి. హాస్యానికి అనడం లేదు. విజయవాడలో నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో కిందనున్న సరాసరి చూసి టిక్ కొట్టుకుంటూ పోయేవాణ్ని. ఒకసారి ఒకమ్మాయి స్టాఫ్‌రూమ్‌కి రెండు పేపర్లు పట్టుకొచ్చింది, తనదీ, స్నేహితురాలిదీ. తనకి చార్ట్ అంతా సరే, చివర ఒక తీసివేత తప్పింది, మార్కులు సగం. స్నేహితురాలికి రెండు ప్రాసెస్‌ల వెయిటింగ్ టైమ్‌లు తప్పు. ఒకటి రెండు ఎక్కువ, ఇంకొకటి రెండు తక్కువ. మొత్తం మాత్రం కలిసింది కాబట్టి నేను పూర్తి మార్కులు వేసేశాను. ఆ పిల్ల ఏమీ అనలేదు, రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి నిలబడింది. ఆ రోజు నుంచి సరాసరిని చివరనే చూస్తున్నాను.

మీ లెక్కకి సరైన చార్ట్ ఇది. టైమ్ 2 దగ్గర, 4 దగ్గర, అప్పుడే వచ్చిన ప్రాసెస్‌ని క్యూలో ముందు నిలబెట్టి, క్వాంటమ్ అయిపోయి బయటికొచ్చిన దాన్ని దాని వెనక నిలబెట్టామని అనుకుంటే:

```
| P1 | P2 | P3 | P1 | P4 | P2 | P1 | P4 |
0    2    4    5    7    9    10   11   13
```

పేపరు చేతిలోకి తీసుకోగానే చార్ట్‌ని మూడు చూపులు చూడండి. మొదట కుడి చివర అంకె. బర్స్ట్ టైమ్‌లన్నీ కలిపితే 13. మధ్యలో సీపీయూ ఖాళీగా ఉండే అవకాశం ఈ లెక్కలో లేదు కాబట్టి చార్ట్ 13 దగ్గరే ఆగాలి. 16 దగ్గర ఆగిందంటే P3కి ఒక్క యూనిట్ పనే ఉన్నా రెండు యూనిట్ల గడి గీశాడు, P2, P1 చివరి ముక్కలకీ అదే చేశాడు. క్వాంటమ్ అనేది గరిష్ఠ హద్దు, పని అయిపోతే అక్కడికక్కడే సీపీయూ వదిలేస్తుంది అన్న మాట వాడికి ఎక్కలేదు. రెండో చూపు, ఒక్కో ప్రాసెస్ గడులన్నీ కలిపితే దాని బర్స్ట్ రావాలి. P1కి 2, 2, 1 కలిపి 5. మూడో చూపు, ఏ గడీ తన ప్రాసెస్ రాకముందు మొదలవకూడదు. P4 4కి వస్తుంది కాబట్టి 4కి ముందు ఎక్కడైనా కనబడితే అక్కడే ఎర్ర గీత పెట్టండి. అలాంటి పేపర్లలో వెయిటింగ్ టైమ్ ఒక్కోసారి మైనస్ కూడా వస్తుంది. పిల్లలు ఆ మైనస్‌ని చెరిపేసి ప్లస్ చేస్తారు, రబ్బరు గుర్తు కనిపిస్తుంది.

ఈ మూడూ దాటినంత మాత్రాన చార్ట్ సరైనదని కాదు, క్యూ వరస తప్పి ఉండొచ్చు. అయినా ఇక వెయిటింగ్ టైమ్ దగ్గరికి వెళ్లొచ్చు. దీన్ని మీరు వాడి ఫార్ములాతో సరిచూడొద్దు. వాడు `WT = TAT - BT` వేశాడు, మీరూ అదే వేస్తే వాడి తీసివేత మాత్రమే సరిచూసినట్టు. TAT తప్పుంటే ఆ తప్పు మీ కంటికీ కనబడదు. దానికి బదులు చార్ట్ మీద ఖాళీలు లెక్కపెట్టండి. పెన్సిల్‌తో ఒక్కో ప్రాసెస్ వచ్చిన చోట గీత కింద చిన్న బాణం గుర్తు పెట్టి, ఆ బాణం నుంచి దాని చివరి గడి దాకా వేళ్లతో నడవండి. తన గడి కానిదంతా ఎదురుచూపే. P1 0కే ఎక్కింది, 2 నుంచి 5 దాకా ఆగింది, 7 నుంచి 10 దాకా ఆగింది, మొత్తం 6. P2 1కి వచ్చి 2 దాకా, మళ్లీ 4 నుంచి 9 దాకా, ఇదీ 6. P3 2 నుంచి 4, అంటే 2. P4 4 నుంచి 7, 9 నుంచి 11, కలిపి 5. మొత్తం 19, నాలుగుతో భాగిస్తే మీ 4.75. చేయి తిరిగాక ఒక పేపరుకి ఇది నిమిషం పని.

ఇప్పుడు మీరు రాసిన అంకెలకు వద్దాం. తప్పు జవాబులో కూడా వేలిముద్ర ఉంటుంది.

6.5 వచ్చినవాడి చార్ట్ చాలావరకు బాగానే ఉంటుంది, చూడండి. వాడు అరైవల్ టైమ్ తీసివేయడం మరిచిపోయాడు. కంప్లీషన్ టైమ్‌లు 11, 10, 5, 13. వాటినే టర్న్‌అరౌండ్ అనుకుని బర్స్ట్ తీసేశాడు. మొత్తం 39లో 13 పోగా 26, సరాసరి 6.5. సరైన దానికంటే సరిగ్గా 1.75 ఎక్కువ. అరైవల్ టైమ్‌లు 0, 1, 2, 4 కలిపి 7, దాని సరాసరి 1.75. ఏ లెక్కలోనైనా జవాబు అరైవల్‌ల సరాసరి అంత ఎక్కువ వస్తే ముందు ఈ తప్పునే అనుమానించండి. పిల్లలు దీన్ని ఎందుకు చేస్తారంటే, మనం క్లాసులో మొదట చెప్పే ఉదాహరణల్లో అన్ని ప్రాసెస్‌లూ 0కే వస్తాయి. అప్పుడు కంప్లీషన్ టైమ్, టర్న్‌అరౌండ్ టైమ్ ఒకటే. ఆ అలవాటు వేళ్లకి పట్టేస్తుంది.

1.5 కూడా మనం నేర్పిన పొరపాటే అంటాను. వాడు ప్రతి ప్రాసెస్ మొదటిసారి ఎక్కిన టైమ్‌లోంచి అరైవల్ తీశాడు. 0, 1, 2, 3, మొత్తం 6, సరాసరి 1.5. వాడు కట్టింది రెస్పాన్స్ టైమ్, దానికి వెయిటింగ్ టైమ్ అని పేరు పెట్టాడు. ఎఫ్‌సీఎఫ్‌ఎస్‌లో ఒకసారి ఎక్కినవాడు దిగడు కాబట్టి అక్కడ ఈ రెండూ ఒకటే. మనం బోర్డు మీద "మొదలైన టైమ్ మైనస్ వచ్చిన టైమ్" అని రాసి, అది మధ్యలో దింపని పద్ధతులకే చెల్లుతుందని చెప్పడం మరిచిపోతాం. రౌండ్ రాబిన్‌లో ఎక్కి దిగి మళ్లీ నిలబడిన టైమ్ కూడా ఎదురుచూపే కదా. పది కాపీలు ఇచ్చి రెండు అయ్యాక పక్కకి జరగమన్న జిరాక్స్ షాపులో, రెండోసారి నిలబడ్డ టైమ్‌ని ఎవరూ మాఫీ చేయరు.

6.75 దగ్గర ఆగండి. ఈ అంకె రెండు దారుల్లో వస్తుంది, నన్నడిగితే మీ కట్టలో ఇదే అసలు చిక్కు. ఒక దారిలో చార్ట్ పూర్తిగా సరైనదే. పిల్లవాడు చివరి గడి మొదలైన టైమ్‌లోంచి అరైవల్ తీసి ఊరుకున్నాడు. P1 చివరి గడి 10కి మొదలు, P2ది 9, P3ది 4, P4ది 11. అరైవల్‌లు తీస్తే 10, 8, 2, 7. మొత్తం 27. ఇది నిజానికి మంచి షార్ట్‌కటే, ఒక అడుగు మిగిలిపోయింది. చివరి గడికి ముందే సీపీయూలో గడిపిన టైమ్ కూడా తీసేయాలి. P1 ముందే 4 యూనిట్లు నడిచింది కాబట్టి 10లోంచి 4 పోయి 6. P2కి 2, P4కి 2 తీస్తే మళ్లీ 6, 6, 2, 5 వచ్చేస్తాయి.

రెండో దారిలో పిల్లవాడు అరైవల్ టైమ్‌లే చూడలేదు. అందరూ 0కే వచ్చారనుకుని P1, P2, P3, P4, మళ్లీ P1, P2, P4, P1 అని తిప్పుకుంటూ పోయాడు. కంప్లీషన్ టైమ్‌లు 13, 10, 5, 12, మొత్తం 40. అరైవల్ తీయకుండా బర్స్ట్ ఒక్కటే తీస్తే మళ్లీ 27, మళ్లీ 6.75. ఒకడికి చార్ట్ అంతా వచ్చు, ఇంకొకడికి క్యూ అంటే ఏమిటో తెలియదు, కింద మాత్రం ఇద్దరికీ ఒకే అంకె. వేరు చేయడం కష్టమేమీ కాదు. వరస చూస్తే మొదటివాడివి 10, 8, 2, 7, రెండోవాడివి 8, 7, 4, 8. అంతకంటే సులువు, చార్ట్ చివరి గడి చూడండి. 13 దగ్గర ముగిసేది P4 అయితే మొదటివాడు, P1 అయితే రెండోవాడు.

ఇక 5. అదే నంబర్ల వరస చార్ట్ గీసి, చివర అరైవల్ మాత్రం సరిగ్గా తీసినవాడికి 40లో 7 పోయి 33, అందులో 13 పోయి 20, సరాసరి సరిగ్గా 5. టైమ్ 5 దగ్గర వాడు P1కి బదులు P4ని ఎక్కించాడు. P1 2 నుంచి క్యూలో ఉంది, P4 వచ్చిందే 4కి. చార్ట్ పక్కన రెడీ క్యూ రాయకుండా గుండ్రంగా తిప్పేవాళ్లకి ఇలాగే అవుతుంది. అయితే 5 రాసిన ప్రతివాడూ ఈ తప్పు చేశాడనుకోకండి. 4.75 వచ్చి, దాన్ని పై అంకెకు సవరించి 5 అని రాసే బుద్ధిమంతులు ప్రతి సెక్షన్‌లో ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల టేబుల్‌లో మొత్తం 19 అనే ఉంటుంది.

ఇప్పుడు ఆ అబ్బాయి పేపరు. వాడి చార్ట్ ఇలా ఉండి ఉంటుందని నా ఊహ:

```
| P1 | P2 | P1 | P3 | P2 | P4 | P1 | P4 |
0    2    4    6    7    8    10   11   13
```

టైమ్ 2కి రెండు సంఘటనలు ఒకేసారి జరుగుతాయి. P3 వస్తుంది, P1 క్వాంటమ్ అయిపోతుంది. క్యూలో ఎవరు ముందు? మీరు P3 అన్నారు, వాడు P1 అన్నాడు. టైమ్ 4కి కూడా అంతే, P4 వస్తుంది, P2 బయటికొస్తుంది. మీరు P4ని ముందు పెట్టారు, వాడు P2ని. రౌండ్ రాబిన్ అనే పద్ధతి ఒక్కటే ఈ రెండింటిలో ఏది సరైనదో తేల్చదు. చాలామంది కొత్తగా వచ్చిన దాన్ని ముందు పెడతారు, అది వాడుక. మీ ప్రశ్నపత్రంలో ఆ వాడుక రాసి లేకపోతే వాడి పేపరు తప్పని నేననలేను.

కానీ వాడి లెక్క వాడి చార్ట్‌కి సరిపోయిందో లేదో చూడాలి, అక్కడ మీ కీ పనికిరాదు. ఇలాంటి చోట నేను తలలు లెక్కపెడతాను. టైమ్‌లైన్ మీద ఒక్కో యూనిట్ దగ్గర, వచ్చి ఇంకా వెళ్లనివాళ్లు ఎంతమందో చూడటమే. 0 నుంచి 1 దాకా ఒక్కరు. 1 నుంచి 2 దాకా ఇద్దరు. 2 నుంచి 4 దాకా ముగ్గురు చొప్పున, 6. 4 నుంచి 7 దాకా నలుగురూ ఉన్నారు, 12. 7కి P3 వెళ్లిపోయింది, 8 దాకా 3. P2 కూడా వెళ్లాక 8 నుంచి 11 దాకా ఇద్దరు చొప్పున, 6. చివరి రెండు యూనిట్లూ P4 ఒక్కటే, 2. కలిపితే 32. ఇదే టర్న్‌అరౌండ్ టైమ్‌ల మొత్తం. ఎందుకంటే ప్రతి ప్రాసెస్ లోపల ఉన్న ప్రతి యూనిట్‌నీ ఒకసారి లెక్కించాం. ప్రతి యూనిట్‌లో ఒకరు సీపీయూ మీద ఉన్నారు కాబట్టి 13 తీసేస్తే 19, అదే మొత్తం ఎదురుచూపు. ఇందులో ఒక్కో ప్రాసెస్‌కీ విడివిడిగా కంప్లీషన్‌లోంచి అరైవల్ తీయడం గానీ, TATలోంచి BT తీయడం గానీ లేవు. అందుకే వాడి తీసివేతల్లో తప్పుంటే ఇది పట్టిస్తుంది.

మీ చార్ట్‌తో పోలిస్తే వాడి చార్ట్‌లో P2 రెండు యూనిట్లు ముందే, 8కే ముగిసింది. P3 రెండు యూనిట్లు ఆలస్యంగా 7కి ముగిసింది. రెండూ కొట్టుకుపోయాయి, అందుకే సరాసరి కలిసింది. అది యాదృచ్ఛికమే. వెయిటింగ్ టైమ్‌ల వరస వాడికి 6, 4, 4, 5 ఉండాలి. అలా కాకుండా 6, 6, 2, 5 అని ఉంటే, చార్ట్ ఒకటి గీసి లెక్క పక్కవాడిది దించాడన్నమాట. ఆ సంగతి వాణ్ని పిలిచి అడగండి.

ఇలాంటి పేపర్లలో చూడాల్సింది ఇంకొకటుంది. ఒకే నియమాన్ని రెండు చోట్లా పాటించాడా? 2 దగ్గర కొత్తగా వచ్చిన P3ని ముందు పెట్టి, 4 దగ్గర మాత్రం పాత P2ని ముందు పెడితే సరాసరి 4.25 వస్తుంది. అటుదిటు చేస్తే 5.25. ఈ రెండు అంకెల్లో ఏది కనిపించినా వాడికి నియమం తెలియదు, ఆ క్షణానికి ఏది తోస్తే అది గీశాడు. అక్కడ చార్ట్ మార్కులు కోయడం న్యాయమే.

మార్కుల మాటకొస్తే, పది మార్కుల ప్రశ్నకి నేనైతే చార్ట్‌కి నాలుగు, టర్న్‌అరౌండ్ వరసకి రెండు, వెయిటింగ్ వరసకి మూడు, సరాసరికి ఒకటి పెడతాను. చార్ట్ తప్పినా తర్వాతి లెక్క ఆ తప్పు చార్ట్‌కి సరిపోతే ఆ మార్కులు ఇచ్చేస్తాను. 5 వచ్చినవాడికి చార్ట్‌లో పోతాయి, మిగతాది వస్తుంది. 1.5 వాడికి చార్ట్ వస్తుంది, వెయిటింగ్ వరస పోతుంది. ఒక తప్పుకి రెండుసార్లు కోత పెడితే సాయంత్రానికి మీ స్టాఫ్‌రూమ్ ముందు లైన్ కడతారు, వాళ్ల తప్పేమీ కాదు.

ఖాళీలు లెక్కపెట్టే ఈ పద్ధతికి ఒక హద్దుంది. ప్రాసెస్ మధ్యలో ఐ/ఓకి వెళ్లే లెక్కల్లో ఖాళీ అంతా ఎదురుచూపు కాదు. డిస్క్ దగ్గర పని జరుగుతున్న టైమ్ రెడీ క్యూలో గడిపిన టైమ్ కింద రాదు, దాన్ని విడిగా తీసేయాలి. `WT = TAT - BT` అన్న ఫార్ములా కూడా అక్కడ అలాగే దెబ్బతింటుంది, ఐ/ఓ టైమ్ కూడా తీస్తేనే నిలుస్తుంది. కాంటెక్స్ట్ స్విచ్‌కి టైమ్ ఇచ్చిన లెక్కల్లోనూ, మధ్యలో సీపీయూ ఖాళీగా ఉండే లెక్కల్లోనూ చార్ట్ చివరి అంకె బర్స్ట్‌ల మొత్తం కంటే ఎక్కువే ఉంటుంది. కాబట్టి ఆ మొదటి చూపుని అక్కడ యథాతథంగా వాడకండి.

తర్వాతి మిడ్‌కి అంకెలు మార్చాలనుకుంటే క్వాంటమ్ 3 చేస్తే 2, 4 దగ్గర గొడవ ఉండదు, కానీ P2 ఒక్క విడతలోనే అయిపోతుంది, లెక్క చప్పబడుతుంది. నేనైతే అంకెలు ఇలాగే ఉంచి, ప్రశ్న కింద ఒక వాక్యం చేరుస్తాను: "ఒకే సమయంలో కొత్త ప్రాసెస్ వచ్చి, నడుస్తున్న ప్రాసెస్ క్వాంటమ్ ముగిస్తే, కొత్తది క్యూలో ముందు చేరుతుంది." దాని కిందే, ప్రతి ప్రాసెస్‌కీ వెయిటింగ్ టైమ్ విడిగా చూపాలని కూడా. ఈసారికి మాత్రం ఆ అబ్బాయి పేపరు బయటికి తీసి, 6, 4, 4, 5 ఉందో లేదో ముందు చూడండి.